ఒకే తానులో పద్నాలుగు ముక్కలు

మే నెల, రాత్రి తొమ్మిది దాటింది. గోడమీది ఏసీ లోంచి చుక్కా చుక్కా నీళ్లు కారి మంచం మీది దుప్పటి తడుస్తోంది. విజయవాడలో ఒకావిడ ఫోన్ తీసి, దగ్గర్లో ఏసీలు బాగుచేసే షాపు వెబ్‌సైట్ తెరిచిందనుకుందాం. అందులో పైన వరసగా పద్నాలుగు పేజీల పేర్లున్నాయి: ఏసీ సర్వీస్, ఏసీ క్లీనింగ్, ఏసీ మెయింటెనెన్స్, ఏసీ రిపేర్, గ్యాస్ ఫిల్లింగ్, ఇన్‌స్టలేషన్, అన్‌ఇన్‌స్టలేషన్, షిఫ్టింగ్, స్ప్లిట్ ఏసీ, విండో ఏసీ, ఏడాది కాంట్రాక్టు. ఆ తర్వాత పటమట, బెంజ్ సర్కిల్, గన్నవరం అంటూ మూడు ఊరి పేజీలు.

నీళ్లు కారడం రిపేరు కిందికి వస్తుందా, సర్వీసు కిందికి వస్తుందా? ఆవిడకి తెలీదు. ముందు రిపేర్ పేజీ నొక్కింది. ‘అనుభవం ఉన్న మా టెక్నీషియన్లు మీ ఇంటికే వస్తారు. సరసమైన ధరలు. అన్ని బ్రాండ్లూ చూస్తాం. మీ సంతృప్తే మా లక్ష్యం’ అని ఉంది. వెనక్కొచ్చి సర్వీస్ పేజీ తెరిచింది. ‘మీ సంతృప్తే మా లక్ష్యం. అన్ని బ్రాండ్లూ చూస్తాం. సరసమైన ధరలు. అనుభవం ఉన్న మా టెక్నీషియన్లు మీ ఇంటికే వస్తారు’ అని ఉంది. క్లీనింగ్ పేజీలో ధరలు ముందుకొచ్చాయి, బ్రాండ్లు వెనక్కి వెళ్లాయి. నాలుగో పేజీ ఆవిడ తెరవలేదు.

ఈ షాపు నేను ఉదాహరణకి కట్టుకున్నది. కానీ ఇలాంటి వెబ్‌సైట్ చూడనివాళ్లు అరుదు. పళ్ల డాక్టరు, ఇల్లు మార్చే ప్యాకర్లు, వాటర్ ట్యాంక్ కడిగేవాళ్లు, ట్యాక్స్ రిటర్నులు వేసే ఆఫీసు, ఎవరిది తీసినా పేజీల పేర్లు వేరు, లోపలిదంతా ఆ తానులో ముక్కే. ఎందుకలా అవుతుంది, దాన్ని విడదీయడం ఎలా అన్నది ఈ ఏసీ షాపునే పట్టుకుని చూద్దాం.

తప్పు ఎక్కడ మొదలవుతుంది

వెబ్‌సైట్ చేసిపెట్టేవాళ్లు చాలాచోట్ల పేజీల లెక్కన బేరమాడతారు. ఐదు పేజీలకి ఇంత, పదిహేను పేజీలకి ఇంత. షాపు యజమానికి కూడా పేజీలు ఎక్కువుంటే గూగుల్లో ఎక్కువసార్లు కనిపిస్తామన్న ఆశ ఉంటుంది. ‘ఏసీ క్లీనింగ్’ అని వెతికేవాళ్లకొకటి, ‘ఏసీ మెయింటెనెన్స్’ అని వెతికేవాళ్లకొకటి. అలా పద్నాలుగు పేర్లు తేలాయి.

ఇక రాసేవాళ్ల సంగతి. వాళ్ల చేతికొచ్చింది ఆ పేర్ల జాబితా, ఒక ఫోన్ నంబరు, షాపు బోర్డు ఫోటో. ఏసీలో గ్యాస్ ఎలా నింపుతారో వాళ్లు ఎప్పుడూ చూడలేదు, చూసినవాణ్ని అడగమని ఎవరూ చెప్పలేదు. తెలిసింది ఒక్క పేజీకి సరిపడా, నింపాల్సినవి పద్నాలుగు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, ఉన్న వాక్యాలనే కిందికీ మీదికీ మార్చడం. మరీ ఒకేలా కనిపిస్తే ‘అనుభవం ఉన్న’ తీసేసి ‘నైపుణ్యం గల’ పెట్టడం. అంటే వాక్యాలు మళ్లీ మళ్లీ రావడం భాష తెలియక వచ్చిన లోపం కాదు, పని గురించి చెప్పడానికి విషయం లేకపోవడం వల్ల వచ్చింది. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. వాక్యాలు తిరగరాసినంత మాత్రాన ఇది బాగుపడదు.

పెంకులు లెక్కపెట్టే యంత్రం

వరస మారిస్తే గూగుల్‌కి కొత్త పేజీలా కనిపిస్తుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ఎందుకు కుదరదో తెలియాలంటే దాదాపు ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజిన్ నడిచే రోజుల్లో, 1997లో, ఆండ్రీ బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రెండు పత్రాలు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించాడు. దాని పేరు షింగ్లింగ్. షింగిల్స్ అంటే ఇంటి కప్పుమీది పెంకుల్లాంటివే. పెంకుటింటి మీద ఒక పెంకు అంచు మీదికి ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది కదా, మాటల్ని కూడా అలాగే ఒకదానిమీదికి ఒకటి ఎక్కేలా ముక్కలు చేస్తారు.

పై వాక్యమే తీసుకుందాం: ‘అనుభవం ఉన్న మా టెక్నీషియన్లు మీ ఇంటికే వస్తారు’. ఏడు మాటలు. నాలుగేసి మాటల పెంకులు పేరిస్తే మొదటిది ‘అనుభవం ఉన్న మా టెక్నీషియన్లు’. ఒక మాట జరిగితే రెండోది ‘ఉన్న మా టెక్నీషియన్లు మీ’. మూడోది ‘మా టెక్నీషియన్లు మీ ఇంటికే’. నాలుగోది ‘టెక్నీషియన్లు మీ ఇంటికే వస్తారు’. ఇలా పేజీ అంతా పేర్చి, రెండు పేజీల్లోనూ ఉన్న పెంకులెన్ని, రెండింటిలో కలిపి మొత్తం ఎన్ని రకాల పెంకులున్నాయని భాగిస్తే పోలిక ఎంతో వస్తుంది.

ఇప్పుడు వరస మార్చి చూద్దాం. పేజీలో 400 మాటలు, 8 పేరాలు ఉన్నాయనుకోండి. నాలుగు మాటల పెంకులు 397 వస్తాయి. 8 పేరాల మధ్య అతుకులు 7. పేరాలన్నీ కలిపేసినా పెంకులు విరిగేది ఆ అతుకుల దగ్గరే, ఒక్కో అతుకు దగ్గర మూడు. అంటే 21 విరిగాయి, 376 చెక్కుచెదరలేదు. కొత్త అతుకుల దగ్గర ఇంకో 21 పుట్టాయి. మొత్తం 418 రకాల్లో 376 రెండుచోట్లా ఉన్నవే. దాదాపు 90 శాతం పోలిక. దానికి తోడు పది చోట్ల ‘సర్వీస్’ తీసి ‘రిపేర్’ పెట్టారనుకుందాం. మాట మార్చిన ఒక్కో చోట నాలుగు పెంకులకి మించి పోవు. మహా అయితే ఇంకో 40 పోతాయి. అప్పటికీ పోలిక 73 శాతం దగ్గరే ఆగుతుంది. పేరాలు కలిపి కలిపి రాసేవాళ్ల చెయ్యి నొప్పెట్టిందే తప్ప యంత్రానికి పెద్ద తేడా పడలేదు.

నేటి సెర్చ్ ఇంజిన్ల లెక్కలు దీనికంటే చాలా ముదిరినవి. వరస మార్చితే మోసపోని పద్ధతి అప్పుడే ఉందని చెప్పడానికే ఈ పాత లెక్క.

శిక్ష కాదు, ఎంపిక

ఒకేలాంటి పేజీలుంటే గూగుల్ జరిమానా వేసి వెబ్‌సైట్‌ని మొత్తం మూసేస్తుందని భయపెట్టేవాళ్లు కూడా ఉంటారు. 2008లోనే గూగుల్ ఈ అపోహని కొట్టిపారేసింది. మామూలుగా జరిగేది వేరు. ఒకేలా ఉన్న పేజీల్ని ఒక గుంపుగా కట్టి, అందులోంచి ఒకదాన్ని ఆ గుంపుకి ప్రతినిధిగా తీసుకుంటుంది. వెతికేవాళ్లకి చూపించేది సాధారణంగా ఆ ఒక్కదాన్నే.

శిక్ష లేదు కదా, నష్టమేంటంటారా? ఏ పేజీ చూపించాలన్న నిర్ణయం షాపు చేయి దాటిపోయింది. గ్యాస్ కోసం వెతికినవాళ్లకి పటమట పేజీ రావచ్చు. ఈ వారం సర్వీస్ పేజీ, వచ్చే వారం క్లీనింగ్ పేజీ కనిపించవచ్చు. బయటివాళ్లు ఎవరైనా లింకు ఇస్తే ఒకరు ఒకదానికి, ఇంకొకరు ఇంకోదానికి ఇస్తారు. ఒక్క పేజీకి చేరాల్సిన బలం నాలుగింటికి చీలిపోతుంది.

ఇది జరుగుతోందో లేదో ఊహించనక్కర్లేదు. వెబ్‌సైట్ యజమానులకి గూగుల్ ఉచితంగా ఇచ్చే Search Console ఉంది. అందులో పేజీల నివేదిక తెరిస్తే గూగుల్ తన జాబితాలోకి తీసుకోని పేజీలు, వాటి పక్కన కారణాలు కనిపిస్తాయి. ‘Duplicate, Google chose different canonical than user’ అని ఉంటే, మీరు ముఖ్యమన్న పేజీని కాదని దానిలాంటి మరోదాన్ని గూగుల్ ఎంచుకుందని అర్థం. ‘Crawled - currently not indexed’ అని ఉంటే, పేజీ చదివింది కానీ జాబితాలోకి తీసుకోలేదని అర్థం. ఈ రెండో దానికి వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి ఒక్క పేజీకి వస్తే కంగారు పడక్కర్లేదు. ఒకేలా రాసిన పేజీలన్నిటికీ వరసగా వస్తే మాత్రం అనుమానించాల్సిందే. ఫలితాల నివేదికలో ఒకే వెతుకుమాట నొక్కి, దానికి ఏయే పేజీలు వచ్చాయో చూసినా తెలుస్తుంది. ఒక్క మాటకి మూడు పేజీలు మార్చి మార్చి వస్తుంటే అవి ఒకదాని కాళ్లు ఒకటి లాగుతున్నట్టే.

ఊరి పేజీల విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. ఊరి పేరు మార్చి మిగతాదంతా అలాగే ఉంచి, వచ్చినవాళ్లనందరినీ ఒకే చోటికి తోలే పేజీల్ని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది. వాటిమీద చర్య గట్టిపరుస్తున్నామని 2015 మార్చిలో ప్రకటించింది. అవి ఇప్పటికీ దాని స్పామ్ నియమాల్లో ఉన్నాయి. ఇక్కడ శిక్ష అన్న మాట నిజమే కావచ్చు.

వాక్యాల పట్టిక

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందు చేయాల్సింది రాయడం కాదు, పంచడం. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి, పద్నాలుగు పేజీల్లోని ప్రతి వాక్యాన్నీ ఒక్కో అడ్డవరసలో వేయాలి. నిలువుగా పద్నాలుగు గడులు, ఒక్కో పేజీకి ఒకటి. ఆ వాక్యం ఏ పేజీలో ఉంటే ఆ గడిలో టిక్కు. మాటలు కొంచెం మారినా చెప్పింది అదే అయితే కొత్త వరస వేయకూడదు, పాత వరసలోనే టిక్కు పెట్టాలి. ‘అనుభవం ఉన్న టెక్నీషియన్లు’, ‘నైపుణ్యం గల నిపుణులు’ రెండూ ఒకటే వరస. ఇక్కడ మొహమాటపడితే పట్టిక దండగ.

మన షాపుకి ఇది వేస్తే మూడు రకాలు తేలతాయి. మొదటిది, దాదాపు అన్ని గడుల్లోనూ టిక్కులున్నవి: అన్ని బ్రాండ్లూ చూస్తాం, ఇంటికే వస్తాం, ఇన్నేళ్ల అనుభవం, పనికి వారంటీ, ఫలానా వేళల్లో ఉంటాం. ఇవి అబద్ధాలు కావు, పనికిరానివీ కావు. కానీ ఏ ఒక్క సర్వీసుకీ చెందినవి కావు, షాపుకి చెందినవి. వీటికి ఒక సొంత ఇల్లు కావాలి. ‘మా షాపు, ధరలు, వారంటీ’ అన్న ఒక్క పేజీలో అన్నీ వివరంగా పెట్టాలి. అక్కడ చోటు ఉంటుంది కాబట్టి ‘వారంటీ ఉంది’ అని వదిలేయకుండా ఎన్ని రోజులు, విడిభాగానికా పనికా, ఏం చేస్తే చెల్లదు అన్నదంతా రాయొచ్చు. పద్నాలుగు చోట్ల ఒక్కో ముక్క చెప్పి ఎక్కడా పూర్తిగా చెప్పకపోవడం కంటే ఇది నయం. పైగా రేపు వారంటీ రోజులు మారితే దిద్దాల్సింది ఒక్క చోటే. ఇప్పుడు పద్నాలుగు చోట్ల దిద్దాలి, పదమూడు చోట్ల దిద్ది ఒకటి మర్చిపోతే కస్టమర్ ఆ ఒక్కటే చూపించి గొడవ పెట్టుకుంటాడు.

రెండో రకం, ఎక్కడ చదివినా ఏమీ చెప్పని వాక్యాలు. ‘మీ సంతృప్తే మా లక్ష్యం’ అన్నదానికి వ్యతిరేకం ఏ షాపువాడైనా రాస్తాడా? రాయడు కదా. అయితే దాన్ని కొట్టేయొచ్చు. దీనికి ఇల్లు కూడా అక్కర్లేదు.

మూడో రకం, ఒక్క గడిలోనే టిక్కున్నవి. పట్టిక వేసిన అసలు ప్రయోజనం వీటిని చూడడమే. గ్యాస్ ఫిల్లింగ్ పేజీకి ఇలాంటిది ఒకే ఒక్క వాక్యం మిగిలిందనుకుందాం: ‘మేం ఏసీ గ్యాస్ నింపుతాం’. 400 మాటల పేజీ వడపోస్తే నాలుగు మాటలు తేలాయి. పేజీ ఖాళీ అన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ కనిపించలేదు, పక్క పేజీల నుంచి తెచ్చిన మాటలు దాన్ని కప్పి ఉంచాయి కాబట్టి.

మెకానిక్ నోట ఉన్న పేజీ

ఆ ఖాళీ నింపేది రాసేవాళ్లు కాదు, మెకానిక్. ఒక్కో సర్వీసుకి అరగంట కేటాయించుకుని, పనిచేసే మనిషి పక్కన కూర్చోవాలి. ‘మీ సర్వీసు ప్రత్యేకత ఏమిటి’ అని మాత్రం అడగకూడదు. అడిగితే మళ్లీ ‘నాణ్యత’ అనే వస్తుంది. జరిగినది అడగాలి. ఏమని చెప్పి ఫోన్ చేస్తారు, వెళ్లగానే ముందు ఏం చూస్తారు, ఎంతసేపు పడుతుంది, సంచిలో ఏం తీసుకెళ్తారు, కస్టమర్లు ఎక్కడ పొరపడతారు, ఏ పని మీరు చేయనంటారు. ఈ ఆరు ప్రశ్నలు చాలు.

గ్యాస్ సంగతి అడిగితే అనుభవమున్న మెకానిక్ ఇలా అంటాడు:

‘ఏసీలో గ్యాస్ అయిపోయిందని ఫోన్ చేస్తారండీ. అయిపోవడానికి అదేమన్నా స్కూటర్లో పెట్రోలా? ఎక్కడో లీకు ఉంటేనే తగ్గుద్ది. లీకు కట్టకుండా నింపితే మళ్లీ పోద్ది.’

‘మరి లీకు ఎలా తెలుస్తుందన్నా?’

‘పైపు జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాస్తే బుడగలొస్తాయి. అక్కడ దొరక్కపోతే నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలబడుతుందో లేదో చూస్తాం. లీకు కట్టాక వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లో గాలి, తేమ లాగేయాలి. ఆ తర్వాతే గ్యాస్. అవుట్‌డోర్ యూనిట్ మీద అతికించిన స్టిక్కర్‌లో ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో ఉంటుంది. కాటా పెట్టి అంతే ఎక్కించాలి.’

ఇదిగో, పేజీ తయారైపోయింది. ఈ మాటల్నే కొంచెం సర్ది రాస్తే గ్యాస్ పేజీ ఇలా మొదలవుతుంది:

‘ఏసీలో గ్యాస్ వాడకంతో అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. అందుకే మేం ముందు లీకు వెతుకుతాం, తర్వాతే నింపుతాం. మీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద ఉన్న స్టిక్కర్‌ని ఒక ఫోటో తీసి వాట్సాప్ చేయండి. R32, R410A, R22 వీటిలో ఏ గ్యాసో అందులో ఉంటుంది. ఒకదానికి బదులు ఇంకొకటి నింపకూడదు. ఫోటో ముందే అందితే సరైన సిలిండర్‌తో వస్తాం.’

ఇందులో ఒక్క వాక్యమైనా ఇన్‌స్టలేషన్ పేజీలోకి తీసుకెళ్లి అతికించగలరేమో చూడండి. కుదరదు. పర్యాయపదాలతో ఎంత తిప్పినా రాని తేడా పని వివరం రాయగానే దానంతటదే వచ్చేసింది. ఇంకో మంచి కూడా జరిగింది. చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణం కాదని, ఫిల్టర్లో దుమ్ము పట్టినా, అవుట్‌డోర్ యూనిట్‌లో కెపాసిటర్ పోయినా అలాగే ఉంటుందని ఆ పేజీలోనే చెప్పి, రిపేర్ పేజీకి దారి చూపించొచ్చు. ఇప్పుడు రెండు పేజీలు కొట్టుకోవడం మాని ఒకదాని దగ్గరికి ఒకటి మనిషిని పంపుకుంటాయి.

షిఫ్టింగ్ గురించి అడిగినా ఇదే జరుగుతుంది. ఏసీ విప్పే ముందు దాన్ని నడుపుతూనే ఒక వాల్వు మూసి, గ్యాసంతా అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగించి, రెండో వాల్వు కూడా మూసి అప్పుడు ఆపుతారు. మెకానిక్‌లు దీన్ని పంప్ డౌన్ అంటారు. ఇది చేయకుండా విప్పితే ఉన్న గ్యాస్ గాల్లో కలిసిపోతుంది, కొత్తింట్లో మళ్లీ నింపే ఖర్చు పడుతుంది. ఏసీ నడవాలంటే కరెంటు ఉండాలి కాబట్టి, ఇల్లు ఖాళీ చేసేవాళ్లు మీటరు కట్ చేయించక ముందే విప్పించుకోవాలి. ఆ ఒక్క మాట పేజీలో ఉంటే చదివినవాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ఏవి ఉండాలి, ఏవి కలవాలి

అడిగి చూసినా ఏమీ తేలని పేజీలు కొన్ని ఉంటాయి. ‘సర్వీసుకి, క్లీనింగ్‌కి, మెయింటెనెన్స్‌కి తేడా ఏంటన్నా?’ అని అడిగితే మెకానిక్ నవ్వేస్తాడు. మూడింటికీ అదే మనిషి, అదే జెట్ పంపు, అదే పని: ఫిల్టర్ కడగడం, కాయిల్ కడగడం, నీళ్లుపోయే పైపు శుభ్రం చేయడం, బయటి యూనిట్ కడగడం. పేర్లు మూడు, పని ఒకటి. పేజీ కూడా ఒకటే ఉండాలి. ఆ పేజీలోనే ‘దీన్ని క్లీనింగ్ అనీ, మెయింటెనెన్స్ అనీ కూడా అంటారు’ అని ఒక మాట రాస్తే వెతికేవాళ్లు ఏ పేరుతో వచ్చినా సరిపోతుంది.

కలపాలా వద్దా అన్నది తేల్చడానికి పట్టుకోవాల్సిన గుర్తు ఇది: ఈ పని కోసం ఫోన్ వస్తే షాపులో ఏదైనా మారుతుందా? వెళ్లే మనిషి గానీ, తీసుకెళ్లే సామాను గానీ, ధర గానీ, పట్టే సమయం గానీ మారితే పేజీ విడిగా ఉండొచ్చు. ఏదీ మారకపోతే కలిపేయాలి. మన షాపులో ఈ లెక్కన సర్వీస్, క్లీనింగ్, మెయింటెనెన్స్, స్ప్లిట్ ఏసీ నాలుగూ ఒకటయ్యాయి. విండో ఏసీని చట్రంలోంచి బయటికి లాగి కడగాలి కాబట్టి పని కొంచెం వేరే, కానీ చెప్పాల్సింది రెండు పేరాలే. అదే పేజీలో ఒక ఉపశీర్షిక చాలు. అన్‌ఇన్‌స్టలేషన్, షిఫ్టింగ్ కలిసి ఒకటయ్యాయి. రిపేర్, గ్యాస్, ఇన్‌స్టలేషన్, ఏడాది కాంట్రాక్టు విడిగానే ఉన్నాయి. పటమట, బెంజ్ సర్కిల్ పేజీల్లో ఊరి పేరు తప్ప ఏమీ లేదు. గన్నవరానికి మాత్రం దూరం వల్ల రాకపోకల చార్జీ వేరు, వెళ్లే రోజులు వేరు. అది నిజమైన తేడాయే గానీ మూడు వాక్యాల తేడా. మూడు ఊళ్లూ ‘మా షాపు’ పేజీలోని ప్రాంతాల పట్టికలోకి వెళ్లాయి. పద్నాలుగు పోయి ఆరు సర్వీసు పేజీలు, ఒక షాపు పేజీ, మొత్తం ఏడు మిగిలాయి.

తీసేసిన పేజీల్ని ఊరికే చెరిపేయకూడదు. ఎవరో ఎప్పుడో వాటి లింకు వాట్సాప్‌లో పంపి ఉంటారు, గూగుల్‌లో పాత చిరునామా ఉంటుంది. ఇల్లు మారినవాళ్లు పోస్టాఫీసులో కొత్త అడ్రసు రాసిచ్చినట్టు, పాత చిరునామాకి వచ్చినవాళ్లని కొత్తదానికి పంపే ఏర్పాటు చేయాలి. దాన్ని 301 రీడైరెక్ట్ అంటారు, శాశ్వతంగా మారామని చెప్పడం. అపాచీ సర్వర్ అయితే .htaccess ఫైల్లో ఇలా రాస్తారు:

```
Redirect 301 /ac-cleaning /ac-service
Redirect 301 /ac-maintenance /ac-service
Redirect 301 /ac-uninstallation /ac-shifting
```

వర్డ్‌ప్రెస్‌లో అయితే దీనికి ప్లగిన్లు ఉన్నాయి. ఇక్కడ రెండు తప్పులు తరచూ జరుగుతాయి. ఒకటి, తీసేసిన పేజీలన్నిటినీ హోమ్ పేజీకి పంపేయడం. క్లీనింగ్ కోసం వచ్చినవాళ్లు హోమ్ పేజీలో పడితే మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. గూగుల్ కూడా అలాంటిదాన్ని పేజీ లేనట్టే లెక్కవేసే అవకాశం ఉంది. ప్రతి పాత పేజీకీ దానికి దగ్గరైన కొత్త పేజీనే చూపించాలి. రెండోది, కొన్నాళ్లకి ఆ వరసలు తీసేయడం. కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ సలహా, అంతకన్నా ఎక్కువ ఉంచినా నష్టం లేదు. మీ సొంత మెనూలో, పేజీల మధ్య ఉన్న పాత లింకుల్ని మాత్రం అదే రోజు దిద్దేయాలి.

పేజీల్ని కలపకుండా, ‘ముఖ్యమైన పేజీ అదీ’ అని గూగుల్‌కి చెప్పే canonical అనే గుర్తు ఒకటుంది, అది పెడితే చాలదా అని అడుగుతారు. 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి దాన్ని తెచ్చాయి. ఒకే పేజీ రెండు చిరునామాల్లో తెరుచుకునే చోట అది బాగా పనికొస్తుంది. కానీ గూగుల్‌కి అది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. పైగా అది కనిపించేది యంత్రానికే. తడిసిన దుప్పటి పక్కన నిలబడ్డావిడకి ఆ నాలుగు పేజీలూ అలాగే కనిపిస్తూనే ఉంటాయి.

రెండుసార్లు చెప్పాల్సినవీ ఉంటాయి

ఈ పని మొదలుపెట్టాక కొందరికి చెయ్యి ఆగదు. ఒక్క మాట కూడా రెండు చోట్ల ఉండకూడదని పట్టుపడతారు. అది ఇంకో తప్పు. ఫోన్ నంబరు, పనివేళలు, బుక్ చేసుకునే బటన్ ప్రతి పేజీలోనూ ఉండాలి. వచ్చినవాళ్లలో చాలామంది ఒక్క పేజీయే చూసి వెళ్తారు. పేజీ పైనా కిందా ఒకేలా ఉండే పట్టీల్ని చూసి సెర్చ్ ఇంజిన్లు పేజీలన్నీ ఒకటే అనుకోవు. అలాగే ఇంటికి వచ్చి చూసినందుకు తీసుకునే చార్జీ ఆరు సర్వీసు పేజీల్లోనూ ఒక వాక్యంగా ఉండాల్సిందే. డబ్బు సంగతి వేరే పేజీలో వెతుక్కోమంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. సర్వీసులన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక వాక్యంలో చెప్పి, వివరానికి షాపు పేజీకి లింకు ఇవ్వడం సరైన కొలత. వాక్యం పేరాగా, పేరా మూడు పేరాలుగా పెరుగుతుంటే పాత జబ్బు తిరగబెట్టినట్టు.

తిరగబెట్టడం మామూలే. ఆరు నెలల తర్వాత ఇన్వర్టర్ ఏసీ సర్వీసుకి ఒక పేజీ కావాలంటారు. రాసేవాళ్లు సర్వీస్ పేజీని కాపీ చేసి, పేరు మార్చి, పేరాలు అటూ ఇటూ జరుపుతారు. అందుకే ఎక్సెల్ పట్టికని పారేయకుండా ఉంచుకోవాలి. కొత్త పేజీకి ఒక గడి వేసి, అందులో మాత్రమే టిక్కు పడే వాక్యాలు ఓ అయిదారైనా లేకపోతే అది పేజీ కాదు, ఉన్న పేజీలో ఒక పేరా.

ఇదంతా అయ్యాక గూగుల్ నివేదికలు మారడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. అంతదాకా ఆగకుండా షాపులోనే చేసుకోగలిగే పరీక్ష ఒకటుంది. ఏడు పేజీలూ ప్రింటు తీసి, పైన శీర్షికలు కత్తిరించేసి, మెకానిక్‌కి ఒక్కోటీ చదివి వినిపించాలి. ‘నీళ్లు కారుతున్నాయంటే ముందు ఏసీ ఆపేయండి. చాలాసార్లు నీళ్లుపోయే పైపులో మురికి అడ్డుపడి ఉంటుంది, కడిగితే సరిపోతుంది. కాయిల్ మీద మంచు కట్టి ఉంటే మాత్రం ఫోన్లో ఆ సంగతి చెప్పండి’ అని చదవగానే, రెండో వాక్యం పూర్తి కాకముందే అతను ‘ఇది సర్వీసు’ అనాలి. మంచు అనగానే ‘ఇది గ్యాస్ కూడా అయ్యుండొచ్చు’ అని లేచి, సంచిలో ఏం పెట్టుకోవాలో చూసుకోవాలి. ‘ఇది దేనిగురించండీ?’ అని అడిగితే మాత్రం ఆ కాగితం మళ్లీ పట్టిక దగ్గరికి వెళ్లాల్సిందే.